ప్లాస్టిక్ షీటు కింద తడి కనిపించలేదు, చెక్క ఫ్లోరింగు వేసేయవచ్చా?

కొత్తఇల్లు
విశాఖలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న పడకగదిలో కాంక్రీటు గచ్చు మీద చెక్క ఫ్లోరింగు వేయించాలనుకున్నాం. కాంక్రీటు పోసి మూడు నెలలైంది. మేస్త్రి గారు రాత్రి 9 గంటలకు ప్లాస్టిక్ షీటు టేపుతో అతికించి, పొద్దున 7 గంటలకు తీసి చూశారు. చుక్క తడి లేదు. రేపే మొదలుపెడదామంటున్నారు. ఈ పరీక్షను నమ్మవచ్చా?

పలకలపని
వద్దండి. మొదటి సంగతి, ఆ షీటు కనీసం 16 గంటలు ఉండాలి. మీ మేస్త్రి గారు పది గంటలకే తీశారు. అంతకన్నా పెద్ద సంగతి, 16 గంటలు ఉంచినా అది చెప్పేది పైపొర గురించే. మూడు నెలలుగా ఫ్యాను గాలికీ ఎండకీ ఆరింది పైపొర. లోపలి నీళ్లు లోపలే ఉంటాయి. మీరు పైన ఫ్లోరింగు కప్పగానే గాలి తగలదు, అడుగున ఉన్న తేమ నెమ్మదిగా పైకి సర్దుకుంటుంది. షీటు కింద తడి కనబడితే వేయకూడదని గట్టిగా చెప్పవచ్చు. కనబడకపోతే మాత్రం ఏమీ తేలనట్టే.

గచ్చు మందం 4 అంగుళాలైతే 40 మిల్లీమీటర్ల లోతున రంధ్రం చేసి, దుమ్ము తీసేసి, గొట్టం దించి మూత పెట్టి, 24 గంటల తర్వాత లోపలి గాలిలో తేమ శాతం మీటరుతో చూడాలి. చెక్కకు సాధారణంగా 75 శాతం లోపు ఉండాలంటారు.

సీతమ్మధార
విట్రిఫైడ్ టైల్స్ వేసుకోండి. చెక్క వేస్తే చెదలు తప్పవు.

గాజువాక
పదిహేనేళ్లుగా కాంట్రాక్టు పనులు చేస్తున్నాను. రంధ్రాలు, మీటర్లు అని జనాన్ని భయపెట్టకండి. 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరచి, దాని మీద ఫోమ్ వేసి లామినేట్ బిగిస్తే, కింద చెరువున్నా పైకి రాదు. ఆ షీటు ఉన్నది ఎందుకు మరి?

మూడోఅంతస్తు
గాజువాక గారూ, ఆ షీటు వేసినా మా ఇంట్లో ఏమైందో వినండి. హైదరాబాదులో మూడో అంతస్తు, 26 అడుగుల హాలు. జులైలో హాలు నడిమధ్య అంగుళం ఎత్తున గూనిలా లేచింది. తేమ వల్లేనని వేసినవారే ఒప్పుకున్నారు, బాగుచేయడానికి మాత్రం రాలేదు. నలభై వేలు పోయాయి. కాబట్టి కాంక్రీటు పూర్తిగా ఆరకుండా వేయకండి.

పలకలపని
గాజువాక గారూ, షీటు వేయాల్సిందే, అందులో వాదన లేదు. రెండు షీట్లు కలిసేచోట 20 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరచి టేపు వేయాలి, గోడ పక్కన కొంచెం పైకి మడవాలి. అయితే షీటు నీళ్లను దారి మళ్లిస్తుందే గాని పోగొట్టదు. ఎక్కువ తేమ ఉంటే అది గోడల అంచుకు పోతుంది. ఆరు నెలలకు స్కర్టింగ్ పైన రంగు పొక్కులు లేవడం, తెల్లటి ఉప్పు పేరుకోవడం నేను చూశాను.

మూడోఅంతస్తు గారూ, మీ పలకలు గోడ దగ్గర లేచాయా, మధ్యలోనా? గూనిని కాలితో నొక్కితే అణిగి పక్కన లేచేదా?

మూడోఅంతస్తు
మధ్యలోనే. నొక్కితే అణిగేది. ఎందుకు?

పలకలపని
కింది నుంచి తడి తగిలితే పలకల అతుకులు ఉబ్బుతాయి. వేలితో రాస్తే ప్రతి కీలు దగ్గరా గట్టు తగులుతుంది, నొక్కినా పోదు. మీది అలా లేదు. వానాకాలం గాలిలోని తేమకు పలకలన్నీ వెడల్పాయి, గోడ దగ్గర జరగడానికి చోటు లేక మధ్యలో లేచాయి. మూడో అంతస్తుకు నేల తేమ ఎలా వస్తుంది? స్కర్టింగ్ తీసి చూడండి. 26 అడుగులంటే దాదాపు 8 మీటర్లు. మీటరుకు ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున ప్రతి గోడ దగ్గరా 12 మిల్లీమీటర్లు వదలాలి.

మూడోఅంతస్తు
మా ఇల్లు మీరు చూశారా? డబ్బు పోగొట్టుకున్నది నేను. తేమేనని వాళ్లే రాసిచ్చారు.

గాజువాక
చూశారా, ఇంటికి రాకుండానే తీర్పు. ఈ చర్చలో పలకలపని గారికి అన్నీ తెలుసు. కొత్తఇల్లు గారూ, ఇంకా అనుమానముంటే ఫోమ్ రెండు పొరలు వేయించండి.

పలకలపని
ఆ పని మాత్రం చేయించకండి. మెత్తటి ఫోమ్ రెండు పొరలైతే అడుగు పడిన ప్రతిసారీ పలక దిగుతుంది, కీళ్లు విరుగుతాయి. రెండు మూడు మిల్లీమీటర్ల ఒక్క పొర చాలు. అసలు మనం ఇంతవరకూ అడగనిది ఒకటుంది. కొత్తఇల్లు గారూ, మీది లామినేటా, ఇంజినీర్డ్ వుడ్డా? పరచి వదిలేసేదా, అతికించేదా?

కొత్తఇల్లు
ఇంజినీర్డ్ వుడ్ అండి. గమ్ముతో నేరుగా కాంక్రీటుకు అతికిస్తారట.

పలకలపని
అయితే గాజువాక గారు చెప్పిన షీటు, ఫోమ్ రెండూ మీకు వర్తించవు. గమ్ము కాంక్రీటునే పట్టుకోవాలి, మధ్యలో పాలిథీన్‌కు చోటెక్కడిది? తేమ నేరుగా చెక్క అడుగుకు తగిలి, ప్రతి పలకా అంచులు లేచి దొప్పలా వంగుతుంది. కాంక్రీటు కింద మట్టిమీద ప్లాస్టిక్ పరిచారో లేదో కూడా కనుక్కోండి. పరవకపోతే ఏడాది ఆగినా లాభం లేదు, నేల నుంచి తేమ వస్తూనే ఉంటుంది.

గాజువాక
ఆగమని చెప్పడం మీకు తేలిక. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని పదిహేను రోజులు మిగిలాక నన్ను పిలుస్తారు. కాంక్రీటు ఆరలేదంటే ఆ పని వేరేవారికి పోతుంది. వేస్తే, లేచినప్పుడు సొంత డబ్బుతో మార్చాలి. పోయినేడాది రెండు గదులు అలా మార్చాను. మీటరు కొని ఆ అంకె చూపిస్తే యజమాని ముహూర్తం మారుస్తారా?

పలకలపని
మార్చకపోవచ్చు. అందుకే అంకె, తేదీ కాగితం మీద రాసి యజమాని సంతకం తీసుకుంటాను. తెలిసి వేయించుకున్నారన్న ఆధారం ఉంటుంది.

గాజువాక
సంతకం పెట్టినవారే తర్వాత ఇంటికి వచ్చి అరుస్తారు. ఊళ్లో పేరు పోయాక కాగితం ఎవరికి చూపిస్తాను?

మూడోఅంతస్తు
స్కర్టింగ్ తీశాను. రెండు వైపులా పలకలు గోడను ఒత్తుకునే ఉన్నాయి, ఒకచోట సున్నం కూడా రాలింది. వడ్రంగిని పిలిచి అంచులు కోయించాను. నాలుగు రోజుల్లో గూని దిగింది, రెండు కీళ్లు మాత్రం విరిగాయి. పలకలపని గారూ, అప్పుడు కోపంలో అన్నాను. అయితే ఇది తేమ అని ఎందుకు రాసిచ్చారు?

పలకలపని
తేమ అంటే తప్పు ఇంటిదవుతుంది, చోటు వదలలేదంటే వేసినవారిదవుతుంది.

కొత్తఇల్లు
రంధ్రం చేయించాం. 86 శాతం వచ్చింది. కాంక్రీటు కింద ప్లాస్టిక్ వేయలేదని తేలింది. గమ్ము ఆలోచన మానేశాం. పాలిథీన్ మీద లామినేట్ చాలా, ముందు ఎపాక్సీ పూత కూడా వేయించాలా?

గాజువాక
పరిచే లామినేట్‌కు పాలిథీన్ చాలు. పూతకు డబ్బు దండగ.

పలకలపని
86 దగ్గర నేనైతే పూత వేయకుండా ముట్టుకోను. లామినేట్ పెట్టెలో వచ్చే కాగితంలో ఎంత శాతం వరకు ఒప్పుకుంటారో ఉంటుంది, ముందు అది చదవండి. ఇంకొకటి, గోడల దగ్గర 10 మిల్లీమీటర్ల ముక్కలు పెట్టి చోటు వదిలినా తలుపు చట్రం దగ్గర మరచిపోతారు. చట్రం అడుగు కోసి పలకను దాని కిందికి తోసేటప్పుడు అక్కడ కూడా జరగడానికి చోటుందో లేదో దగ్గరుండి చూడండి.