హార్డ్‌డిస్క్ పెడితే డాంగిల్ కీబోర్డు తడబాటు: బ్లూటూత్‌కు మారాలా?

తిరుపతి డీటీపీ: కాపీ చేయడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడల్లా డాంగిల్ కీబోర్డులో అక్షరాలు ఎగిరిపోతున్నాయి. ఒక్కోసారి ఒకే అక్షరం వరసగా పడిపోతోంది. బ్యాటరీ కొత్తదే. బ్లూటూత్‌ది కొంటే పోతుందా?

భవానీనగర్: బ్లూటూతే కొనన్నా. వైఫై ఎక్కువున్న చోట అది రద్దీ ఛానళ్లను వదిలేసి ఖాళీగా ఉండేవాటికి మారుతుంది. డాంగిల్‌కు ఆ తెలివి లేదు.

రిపేరు బెంచీ: బ్లూటూత్ గురించి చెప్పింది నిజమే. కానీ ఛానల్ మార్చుకునే డాంగిళ్లూ ఉన్నాయి. ఇక్కడ కారణం వైఫై అనిపించడం లేదు, హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడే వస్తోందిగా. యూఎస్‌బీ 3 పోర్టు, కేబుల్ పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద పుడుతుంది. డాంగిల్ వినేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం ఇచ్చింది. పక్క పోర్టులోనే డాంగిల్ ఉంటే, ఆ రొదలో కీబోర్డు సంకేతం మునిగిపోతుంది. కీ నొక్కిన కబురు పోతే అక్షరం ఎగిరిపోతుంది. వేలు తీసిన కబురు ఆలస్యమైతే, కీ ఇంకా నొక్కే ఉందనుకుని కంప్యూటర్ అదే అక్షరాన్ని కొడుతూ పోతుంది.

పెద్ద ఫైలు కాపీకి పెట్టి నోట్‌ప్యాడ్‌లో ఒక పేరా కొట్టండి. డిస్క్ తీసేసి అదే పేరా మళ్లీ కొట్టండి. తేడా కనిపిస్తే మీటరు పొడవు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను టేబుల్ మీదికి, కీబోర్డు దగ్గరికి తెచ్చుకోండి. సీపీయూ వెనక ఇనుప డబ్బా చాటున ఉంచొద్దు.

చిత్తూరు నుంచి: నాది బ్లూటూతే. టీ తాగొచ్చి కూచుంటే మొదటి రెండు అక్షరాలు పడవు. ఇదీ హార్డ్‌డిస్క్ వల్లేనా సార్?

రిపేరు బెంచీ: కాదండీ, అది కీబోర్డు నిద్ర. బ్యాటరీ మిగల్చడానికి పడుకుంటుంది, లేచి మళ్లీ కలవడానికి కాస్త టైం పడుతుంది. ముందు షిఫ్ట్ ఒకసారి నొక్కి, తర్వాత టైపు మొదలుపెట్టండి. టైపు చేస్తుండగానే తెగిపోతుంటే మాత్రం డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి `Allow the computer to turn off this device to save power` టిక్ తీసేయండి. ల్యాప్‌టాప్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చినా మేలే, చాలా వాటిలో ఈ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి.

భవానీనగర్: అయినా కేబుల్ తగిలించాక అది వైర్‌లెస్ ఎట్లవుతుందన్నా? బ్లూటూత్‌కైతే పోర్టు కూడా మిగులుతుంది.

రిపేరు బెంచీ: పోర్టు మిగులుతుంది, ఒప్పుకుంటా. కానీ విండోస్ ఎక్కకపోతే బయోస్‌లోకి పోవాలిగా? అక్కడ చాలా కంప్యూటర్లలో బ్లూటూత్ కీబోర్డు పలకదు. డాంగిల్ మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే పనిచేస్తుంది. షాపు మెషిన్‌కు నేను డాంగిలే అంటాను.

తిరుపతి డీటీపీ: కేబుల్ వేశాను సార్. కాపీ నడుస్తున్నా అక్షరాలు ఎగరడం లేదు. ఎంటర్ ఒక్కటి మాత్రం అప్పుడప్పుడు రెండేసి పడుతోంది, డిస్క్ లేకపోయినా.

రిపేరు బెంచీ: ఒక్క కీయే అంటే రేడియో మీద అనుమానం తక్కువ. ఆ కీ స్విచ్చు అరిగిందేమో. డాంగిల్ వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి, అక్కడా ఎంటరే రెండు పడితే స్విచ్చే.