చీర వివరణలో కొన్నవాళ్ల రివ్యూ మాటలు పెట్టొచ్చా?

చేనేత_గుంటూరు: మంగళగిరి కాటన్ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. వివరణలో "పొడవు 6.2 మీటర్లు, రన్నింగ్ బ్లౌజ్‌తో" అని ఉంది. అయినా "జాకెట్టు ముక్క రాలేదు" అని ఒక్క స్టార్ ఇస్తూనే ఉన్నారు. వాళ్ల మాటలే వివరణలో పెడితే ఇది ఆగుతుందా, లేక కొత్తవాళ్లకి లేని అనుమానం పుట్టిస్తామా?

బీసెంట్‌రోడ్_బాబాయ్: పెట్టకండి. "విడిగా రాదు" అని మొదట్లోనే కనిపిస్తే పక్క చీరకి పోతారు. చదవనివాళ్లు ఎలా రాసినా చదవరు.

మడత_మాస్టారు: చదవక కాదు బాబాయ్ గారూ, చదివే పొరబడుతున్నారు. "బ్లౌజ్‌తో" అంటే విడిగా మడతపెట్టి వస్తుందనుకుంటారు. కవర్లో చీర ఒక్కటే ఉంటే రాలేదనే రాస్తారు. "చీర పొట్టిగా ఉంది" అని కూడా ఎవరైనా రాశారేమో చూడండి. 6.2 అంతా చీరే అనుకున్నవాళ్లు ముక్క కత్తిరించాక కొలిస్తే 5.4 వస్తుంది. నేనైతే ఇలా రాస్తాను: "జాకెట్టు ముక్క చీర చివర కలిపే నేసి ఉంటుంది, కత్తిరించుకోవాలి. చీర 5.4 మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు." ఇది మొదటి లైన్లోనే ఉండాలి, ఫోన్లో మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. కత్తిరించే చోటు చూపించే ఫొటో ఒకటి పెట్టండి.

రాజు_పటమట: అంటే రివ్యూలు మనమే రాసుకోవచ్చా?

మడత_మాస్టారు: ఆ మాట ఇక్కడ ఎవరూ అనలేదు రాజూ.

పచ్చళ్ల_అక్క: మాకు "నూనె ఎక్కువ" అని వచ్చేది. అదే మాట లేబుల్ మీద వేశాం, "నూనె ఎక్కువగా ఉంటుంది" అని. గొడవ తగ్గింది గానీ అడిగేవాళ్లూ తగ్గారు.

మడత_మాస్టారు: అక్కా, మీరు వాళ్ల తీర్పుని తెచ్చి లేబుల్ మీద వేశారు. వస్తువుని వాళ్లు ఏమని పిలుస్తున్నారో అంతవరకే తీసుకోవాలి. "పైన తేలే నూనె పచ్చడి బూజు పట్టకుండా ఉండటానికి, కలిపి వడ్డించుకోండి" అంటే సరిపోయేది.

చేనేత_గుంటూరు: "ఉతికితే రంగు దిగింది" అనీ కొందరు రాశారు. దానికీ ఇలాగే ఒక లైన్ పెట్టనా?

మడత_మాస్టారు: ముందు ఆ రంగు చీర ఒకటి తీసి మీరే ఉతికి చూడండి. నిజంగా దిగుతుంటే అది అద్దకం పని, రాతతో పోదు. జాకెట్టు లైన్ ఒక్కటే ఇప్పుడు మార్చండి. ఇంకో మాట, మార్చాక కూడా కొన్నాళ్లు పాత ఫిర్యాదులే వస్తాయి, ఎందుకంటే అవి ముందే ఆర్డర్ పెట్టినవాళ్లవి. రివ్యూ తేదీ కాదు, ఆర్డర్ తేదీ చూసి లెక్కేసుకోండి.

బీసెంట్‌రోడ్_బాబాయ్: అంతా బానే ఉంది. ఆ లైన్ చూసి కొనకుండా పోయినవాడు రివ్యూ రాయడు కదా, వాణ్ణి ఎక్కడ లెక్కేస్తారు?

మడత_మాస్టారు: అది మాత్రం రివ్యూల్లో దొరకదు. చూసినవాళ్లలో కొన్నవాళ్లు ఎంతమందో ముందూ వెనకా పోల్చాలి. పండగ సీజన్‌లో అదీ నమ్మలేం.

చేనేత_గుంటూరు: అయితే నిజాం అంచు చీరలకే మార్చి, మిగతావి అలాగే ఉంచుతాను. దసరా అమ్మకాలు అయ్యాకే.