తెల్లవారుజామున తలనొప్పి, చెమట: నాన్నకి షుగర్ పడిపోతోంది, ఏం చేయాలి?

మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. నాన్నకి అరవై ఆరేళ్లు, రాత్రి భోజనానికి ముందు షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటారు, కానీ ఈమధ్య ఆకలి లేదంటూ ఒక గ్లాసు చోడి అంబలి తాగి పడుకుంటున్నారు. వారంలో మూడుసార్లు తెల్లవారుజామున తల పగిలిపోతోందని లేచారు. మొదటి రెండుసార్లు మంచు వల్లనుకుని నొప్పి మాత్ర ఇచ్చాను, అదే నా తప్పు. మొన్న ముట్టుకుంటే బనియను తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి పొంతన లేని సమాధానం. మిషన్‌తో చూస్తే 58.

70 కంటే తక్కువైతే ఆగకూడదని తెలుసు కాబట్టి, మింగగలుగుతున్నారని చూసుకుని, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకి 64, ఇంకోసారి ఇచ్చాక 92. తర్వాత రెండు ఇడ్లీలు పెట్టాను, ఎందుకంటే ఈ మాత్ర ప్రభావం చాలా గంటలుంటుంది, మళ్లీ పడిపోవచ్చు.

షుగర్ సరైనా తలనొప్పి మాత్రం మధ్యాహ్నం దాకా పోలేదు. మీ ఇళ్లలో కూడా ఇలా ఉంటుందా? డాక్టరుగారు సోమవారం గానీ దొరకరు, ఫోన్ ఎత్తడం లేదు. సరిగ్గా తినని రాత్రి మాత్ర విషయంలో మీకు మీ డాక్టర్లు ఏం చెప్పారు? నిద్రలోనే స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయడం తప్ప ఇంకేమైనా దారి ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.