క్యాషియర్ రాని రోజు గల్లా దగ్గర ఎవరు కూర్చోవాలి?

రెస్టారెంట్ యజమాని, విజయనగరం
మాది 12 టేబుళ్ల రెస్టారెంట్. ఒక క్యాషియర్, ముగ్గురు సర్వర్లు, వంటగది నుంచి ప్లేట్లు తెచ్చే రన్నర్ ఒకడు ఉన్నారు. ఎవరు రాకపోయినా ఆ పూట గందరగోళమే. అందరికీ అందరి పనీ నేర్పిద్దామా, వద్దా?

పాత హోటల్ యజమాని, శ్రీకాకుళం
వద్దండి. గల్లా పెట్టె మీద ఒక్కరి చెయ్యే ఉండాలి. ఇద్దరు ముట్టుకున్న పెట్టెలో డబ్బు తగ్గితే ఎవరిని అడుగుతారు? క్యాషియర్ రాకపోతే మీరే కూర్చోండి, లేదా ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టండి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర హోటల్ నడిపినన్నాళ్లూ నేను అలాగే చేశాను.

టిఫిన్ సెంటర్, బొబ్బిలి
మా దగ్గర ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకుంటారు. క్యాషియర్, సర్వర్ అన్న తేడాయే లేదు. మీరూ టోకెన్లు పెట్టేయండి.

రెస్టారెంట్ మేనేజర్, విజయనగరం
బొబ్బిలి వారు చెప్పింది ఇడ్లీ, దోశలకు సరిపోతుంది. కుటుంబంతో కూర్చుని మధ్యలో ఇంకో రెండు రోటీలు అడిగేవాళ్ల దగ్గర టోకెన్ నడవదు.

శ్రీకాకుళం వారి భయంలో సగం నిజం ఉంది. ఒకే పెట్టెలో ఇద్దరు చేతులు పెట్టకూడదు. అంతమాత్రాన రెండో మనిషికి కౌంటర్ పని నేర్పకూడదని కాదు. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక ఒక సర్వర్‌ను క్యాషియర్ పక్కన కూర్చోబెట్టి బిల్లులు కొట్టించండి. బిల్లింగ్‌లో అతని పేరుతో వేరే లాగిన్ ఇవ్వండి. బిల్లు తీయడం, డబ్బు తీసుకోవడం వరకే అనుమతి. ప్రింటయిన బిల్లును రద్దు చేయడం, తగ్గింపు ఇవ్వడం మీ పాస్‌వర్డ్‌తోనే జరగాలి. డబ్బు పోయే దారి ఎక్కువగా అక్కడే: నగదు తీసుకుని, ఆ తరువాత బిల్లు రద్దు చేస్తారు. కౌంటర్ చేతులు మారేటప్పుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి చీటీ మీద సంతకాలు చేయాలి.

కొత్తవాడు కూర్చున్న రోజు డబ్బు తగ్గితే వెంటనే దొంగ అనకండి. ఉదయం చిల్లరకు 2,000 పెట్టారు, బిల్లింగ్‌లో నగదు అమ్మకం 6,400 అనుకుందాం. పెట్టెలో 8,400 ఉండాలి, కానీ 7,960 ఉంది. 440 తక్కువ. అప్పుడు ఫోన్‌పే జమ చూడండి. బిల్లింగ్ 11,200 అంటుంటే ఖాతాలో 11,640 పడి ఉంటే, ఎవరో ఫోనుతో కట్టిన బిల్లును ఇతను నగదు కింద నొక్కాడన్నమాట. అటు సరిపోయి ఇటు మాత్రమే తగ్గితే, చిల్లర ఎక్కువిచ్చాడా, పాలవాడికి ఇచ్చి చీటీ రాయలేదా, రద్దయిన బిల్లులు ఉన్నాయా అని చూడాలి.

పాత హోటల్ యజమాని, శ్రీకాకుళం
లెక్క బాగానే ఉంది. సర్వర్ వచ్చి కౌంటర్‌లో కూర్చుంటే అతని టేబుళ్లు ఎవరు చూస్తారు బాబూ?

రెస్టారెంట్ మేనేజర్, విజయనగరం
అసలు చిక్కు అదేనండి. పని నేర్పినంత మాత్రాన మనుషులు పెరగరు. ఖాళీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుగుతుంది, అంతే. అందుకే దాన్ని సులువుగా నింపగల చోటికి జరపాలి. సర్వర్ కౌంటర్‌కు, రన్నర్ సర్వర్‌గా. ఖాళీ చివరికి రన్నర్ దగ్గర తేలుతుంది. ఆ చోటుకు ఒక పూట కూలికి తెలిసిన కుర్రాడు దొరుకుతాడు. అతనికి టేబుల్ నంబర్లు, కేఓటీ అనే ఆర్డరు చీటీ చదవడం వస్తే చాలు. అతను చేసే తప్పు ఏడో టేబుల్ బిర్యానీ తొమ్మిదికి పోవడం. వెంటనే తెలిసిపోతుంది, సరిదిద్దుకోవచ్చు. కౌంటర్‌లో తప్పు రాత్రి దాకా తెలియదు.

అందుకే అందరికీ అన్నీ నేర్పక్కర్లేదు. క్యాషియర్‌కు ప్లేట్లు మోయడం నేర్పి లాభం లేదు, అతను లేస్తే పెట్టె ఒంటరిగా ఉంటుంది. రన్నర్‌కు మాత్రం ముందు నుంచే ఏ కూరలో ఏముందో, ఏది ఎంత కారమో తెలియాలి. ఆర్డరు తీసుకునేటప్పుడు అదే అడుగుతారు. మొదట మూడు టేబుళ్లే అప్పగించండి.

ఇది మామూలు రోజులకే. తొలేళ్లు, సిరిమానోత్సవం నాడు ఇద్దరు రాకపోతే ఈ ఏర్పాటు నిలవదు. మెనూ సగం చేయండి, కొన్ని టేబుళ్లు మూసేయండి.

సర్వర్, విజయనగరం
మా మాట ఎవరూ అడగలేదు. నన్ను ఇలాగే కౌంటర్‌లో కూర్చోబెట్టేవారు. ఆ పూట టిప్పులు పోయేవి, తగ్గిన డబ్బు మాత్రం నా జీతంలో కోసేవారు. ఇక నేర్చుకోవాలని ఎవరికి ఉంటుంది?

రెస్టారెంట్ మేనేజర్, విజయనగరం
నిజమే తమ్ముడూ. కౌంటర్‌లో కూర్చున్న పూటకు అదనంగా ఇంత అని ముందే చెప్పాలి. నిర్లక్ష్యం అని తేలకుండా, అతని సంజాయిషీ వినకుండా కోత పెట్టడం చట్టం ప్రకారం కూడా తప్పే.

పాత హోటల్ యజమాని, శ్రీకాకుళం
కోత భయం లేకపోతే చిల్లర జాగ్రత్తగా లెక్కపెడతారా? ఇక్కడ నేను మీతో ఏకీభవించను.

రెస్టారెంట్ యజమాని, విజయనగరం
లాగిన్లు వేరు చేయిస్తాను. ముగ్గురు సర్వర్లలో ఒకడు లెక్కల్లో చురుకు, కానీ టేబుళ్ల దగ్గర కూడా వాడే గట్టివాడు. వాడిని కౌంటర్‌కు తీసుకుంటే మిగిలిన ఇద్దరూ శుక్రవారం రాత్రి రద్దీని లాగలేరేమో. నిదానస్తుణ్ని నేర్పించడం మేలా?

సర్వర్, విజయనగరం
నిదానస్తుడే మేలండి. కౌంటర్‌లో తొందరే ప్రమాదం. ముందు అతనికి ఇష్టమో కాదో అడగండి.