“అచ్చుపోసిన సైనికులు” అనవచ్చా?

అనువాదకురాలు: చైనా తొలి చక్రవర్తి చిన్ షి హ్వాంగ్ సమాధి దగ్గర 1974లో బయటపడ్డ మట్టి సైన్యం గురించి పిల్లల పత్రికకు రాస్తున్నాను. “అచ్చుపోసిన సైనికులు” అన్నాను. సంపాదకులు గీత కొట్టారు. తప్పేమిటి?

వరంగల్ సభ్యుడు: చదవగానే అచ్చుపోసిన ఆంబోతు గుర్తొస్తుంది. అక్కడ అచ్చు అంటే కాల్చి వేసిన ముద్ర. పైగా పోయడం కరిగిన లోహానికి చెల్లుతుంది, మట్టిని ఒత్తుతారు. “అచ్చుగుద్దిన సైనికులు” అనండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు: పోయడం గురించి మీరన్నది సరే, ఆ సవరణ మాత్రం ఒప్పుకోలేను. అచ్చుగుద్దినట్టు అంటే ఒకేలా అని కదా అర్థం! ఈ సైనికుల గొప్పతనం ముఖాలు వేర్వేరుగా ఉండటంలోనే ఉంది. తల ముందు సగం, వెనుక సగం రెండు అచ్చుల్లో ఒత్తి అతికేవారు. ఆ తర్వాత చెవులు, సిగ విడిగా చేసి తగిలించి, మీసాలు, కనుబొమలు, వెంట్రుకల పాయలు పచ్చిమట్టి మీదే చేత్తో దిద్దేవారు. అచ్చులు కొన్నే అయినా ముఖాలు అన్ని రకాలుగా కనబడటానికి కారణం ఆ దిద్దుబాటే. ఇక మొండేన్ని అచ్చులో తీయలేదు. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పేర్చుకుంటూ డొల్లగా లేపారు. అంత బరువు మోయాలి కనుక కాళ్లను చాలావరకు గట్టిగానే ఉంచారు. తలను విడిగా కాల్చి మెడ రంధ్రంలో దింపారు.

కుమ్మరి కుటుంబ సభ్యుడు: మా ఇంట్లో చవితి బొమ్మలను ఒత్తడమే అంటాం, పోయడం అనం. మట్టి మరీ పచ్చిగా ఉంటే అచ్చులోంచి తీసేటప్పుడు ముక్కు వంగిపోతుంది. ఎక్కువ ఆరితే రెండు సగాల అతుకు పట్టదు. అతుకు మీద తడివేలితో ఎంత రుద్దినా గీత కనబడుతూనే ఉంటుంది. ఆ తలల మీదా ఉందా?

విశ్రాంత ఉపాధ్యాయుడు: ఉంది, చాలా తలల్లో చెవుల దగ్గర కనిపిస్తుంది. వరంగల్ మిత్రుడన్న ముద్ర కూడా ఉందండోయ్! పనివాళ్ల పెద్ద పేరు పచ్చిమట్టిలో గుద్దేవారు, లేదా గీసేవారు. బొమ్మలో లోపం దొరికితే ఎవరిని నిలదీయాలో అలా తెలిసేది.

అనువాదకురాలు: అయితే “తలలు అచ్చులో ఒత్తి, మొండేలు చేత్తో చుట్టి” అని విడమరుస్తాను. రంగుల కింద లక్క పూశారని రాశాను, అది సరేనా?

విశ్రాంత ఉపాధ్యాయుడు: కాదు. మన లక్క పురుగు నుంచి వస్తుంది. వాళ్లు పూసింది చెట్టు పాలు. దాని మీద ఇంగిలీకపు ఎరుపు, రాగి రాళ్ల ఆకుపచ్చ, నీలం, ఇంకా వాళ్లే తయారుచేసుకున్న ఊదా రంగు వేశారు. ఇన్నేళ్లు తడినేలలో ఉన్న ఆ పూత తవ్వగానే పొడిగాలికి నిమిషాల్లో ముడుచుకుని, రంగునూ ఊడదీసుకుని లేచిపోతుంది. మనం చూసే బొమ్మలు మట్టిరంగులో ఉన్నది అందుకే.

వరంగల్ సభ్యుడు: “మానులక్క” అంటే?

కుమ్మరి కుటుంబ సభ్యుడు: అలా అంటే చెట్టు మీది పురుగులక్కే అనుకుంటారు. “చెట్టుపాల పూత” నయం.

అనువాదకురాలు: పిల్లలు జిల్లేడు పాలు అనుకోరు కదా?