కథలో కొత్త ఆపరేటర్ ఫీడర్ చార్జ్ చెయ్యాలా, ఆగాలా?

కథ రాసినోడు: చిన్న కథ రాశాను, ముగింపు మీద ఇంట్లోనే గొడవైంది. దేవరకొండ వైపు ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్. కొత్తగా చేరిన ఆపరేటర్‌కి మొదటి నైట్ షిఫ్ట్. అతను వచ్చేసరికే ముందు షిఫ్ట్ వాడు బండెక్కి వెళ్లిపోయాడు. లాగ్ బుక్‌లో చివరి లైన్: "తెల్లారేలోపు 2కి ఇయ్యాలె. మర్చిపోకు." రెండో ఫీడర్ బ్రేకర్ ఆఫ్‌లో ఉంది. మా పిలగాడు తెల్లారేదాకా దాన్ని ముట్టుకోడు, ఫోన్లు మోగుతూనే ఉంటాయి. కథ అంతే. అతను చేసింది కరెక్టేనా?

బత్తాయి తోట: కాదు. రెండు గంటలకు కరెంట్ ఇవ్వమని స్పష్టంగా రాసి ఉంది కదా.

పానగల్ తమ్ముడు: రెండు గంటలకైతే "తెల్లారేలోపు" అని మళ్లీ ఎందుకు రాస్తాడు? అది రెండో ఫీడర్.

బత్తాయి తోట: మా ఊళ్లో టైం అట్లనే చెప్తారు.

పాత లైన్‌మన్: ఆ 2 సంగతి పక్కన పెట్టండి, నాకు భయమేసింది "ఇయ్యాలె" దగ్గర. మేము సప్లై ఇస్తాం అంటాం, ఎల్సీ ఇస్తాం అని కూడా అంటాం. ఒకటి లైన్‌లోకి కరెంట్ వదలడం, ఇంకోటి లైన్ ఆపి మనిషిని స్తంభం ఎక్కనివ్వడం. రెండింటికీ అదే మాట. అందుకే ఆ పిలగాడు ముందు తెరవాల్సింది ఎల్సీ రిజిస్టర్. ఎవరు తీసుకున్నారు, ఏ ఫీడర్, ఎన్నింటికి తీసుకున్నారు, ఎన్నింటికి తిరిగి ఇచ్చారు అన్నీ అందులో ఉంటాయి. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే ఎవరు చెప్పినా హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యకూడదు. కథలో రిజిస్టరే లేదు.

రాత్రి బస్సు: ఒక్క ఫోన్ కొడితే అయిపోయేది.

పాత లైన్‌మన్: కొట్టాలి, కానీ ఎవరికి? షిఫ్ట్ దిగినవాడు నిద్రలో "ఆ, అయిపోయింది, వెయ్యి" అంటే చాలదు. ఎల్సీ తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. ఒకే ఫీడర్ మీద రెండు గ్యాంగులు ఎక్కి ఉంటే రెండు ఎల్సీలూ తిరిగి రావాలి.

పానగల్ తమ్ముడు: అన్నా, పనిచేసే చోట ఎర్త్ రాడ్లు వేస్తారు కదా. పొరపాటున చార్జ్ చేసినా బ్రేకర్ వెంటనే ట్రిప్ అవుతుంది, ఎవరికీ ఏమీ కాదు.

పాత లైన్‌మన్: రాడ్లు లైన్ మీద ఉన్నంతసేపు నీ మాట చాలావరకు నిజమే తమ్మీ. పని అయ్యాక రాడ్లు తీసేస్తారు. అప్పుడు ఒకడికి పైన పానా మర్చిపోయినట్టు గుర్తొస్తుంది, మళ్లీ ఎక్కుతాడు. ఇక బ్రేకర్ మీద నమ్మకం పెట్టుకోలేం. ఎర్త్ ఫాల్ట్ రిలే కదలాలంటే పదుల ఆంపియర్లు భూమిలోకి పోవాలి. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. ఎండిన సిమెంట్ స్తంభం మీద ఉన్నవాడి గుండా రిలే కదిలేంత కరెంట్ పోకపోవచ్చు, సబ్‌స్టేషన్‌లో ఏమీ తెలియదు, ఫీడర్ నడుస్తూనే ఉంటుంది.

బత్తాయి తోట: ఇవన్నీ మాకెందుకు? 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ అన్నారు. పోయిన ఎండాకాలం మా ఫీడర్ నాలుగు రోజులు సరిగా లేదు, ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. డ్రిప్ ఆగి పిందె రాలిపోయింది. నీ కథలో ఆ పిలగాడిని మెచ్చుకోమంటావా?

పాత లైన్‌మన్: పిందె మళ్లీ వస్తుంది. నా ఎడమ చేతికి మూడు వేళ్లు లేవు. ఇట్లాంటి చీటీ చదివి చార్జ్ చేసిన రాత్రి స్తంభం మీద ఉన్నది నేనే. చేసినవాడు చేరి వారం కాలేదు, అతన్ని పంపించేశారు. చీటీ రాసినవాడు రిటైర్ అయ్యేదాకా అక్కడే పనిచేశాడు. నాకు ఇప్పటికీ కోపం అతని మీదే, కొత్తవాడిని రాత్రి ఒంటరిగా కూర్చోబెట్టినవాళ్ల మీదే.

బత్తాయి తోట: అన్నా, నీ చేతి సంగతి నాకు తెలియదు. తప్పుగా మాట్లాడాను. కానీ స్విచ్ వెయ్యలేదని కాదు నా కోపం, ఫోన్ ఎత్తలేదని. "లైన్ మీద మనుషులు ఉన్నారు, ఆగండి" అంటే ఏ రైతు తిడతాడు?

పాత లైన్‌మన్: తిడతారు, విన్నాను. పదో ఫోన్‌కి కొత్తవాడి చెయ్యి హ్యాండిల్ మీదికి పోతుంది. అందుకే ఎత్తకపోవడమే మేలంటాను.

బత్తాయి తోట: ఎత్తకపోతే మేము నేరుగా సబ్‌స్టేషన్‌కే వస్తాం. యాభై మంది గేటు దగ్గర నిలబడితే ఇంకా కష్టం కదా.

కథ రాసినోడు: రిజిస్టర్ పెడుతున్నాను, చివరి గడి ఖాళీగా. నాలుగో ఫోన్ ఎత్తిస్తాను. అవతల ఉన్నది రైతా, స్తంభం దిగిన మనిషా అన్నది ఇంకా అనుకోలేదు.

పానగల్ తమ్ముడు: లాగ్ బుక్‌లో ఆ లైన్ మాత్రం మార్చకండి. అది రెండో ఫీడరే.