రింగుల జుట్టు అంచున తెల్లటి గీత: తప్పు మాస్క్‌దా, రంగుదా?

శ్రీకాకుళం నుంచి ఒక డిజైనర్: విజయనగరం కోట దగ్గర పట్టపగలు, వెనక తెల్లటి ఆకాశం ఉండగా తీసిన పెళ్లికూతురి ఫొటోను ఫొటోషాప్‌లో కత్తిరించి, ముదురు మెరూన్ నేపథ్యంపై పెట్టాను. రింగుల జుట్టు చుట్టూ తెల్లటి గీత మిగిలిపోతోంది. మాస్క్‌ను లోపలికి జరపాలా, వేరే మార్గం ఉందా?

బొబ్బిలి ఫ్లెక్సీల పని: లోపలికి జరపడమే మంచిది. నేను `Select and Mask`లో `Shift Edge`ను −30 దాకా తగ్గించి, `Contrast` కొంచెం పెంచుతాను. గీత పోతుంది. పదడుగుల ఫ్లెక్సీని రోడ్డు అవతలి నుంచి చూసేవారెవరూ ఇంతవరకు వంక పెట్టలేదు.

విజయనగరం రీటచర్: దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అది సరిపోతుందని నేనూ ఒప్పుకుంటాను. పెళ్లి ఆల్బమ్‌ను మాత్రం చేతిలో పెట్టుకుని చూస్తారు కాబట్టి అక్కడ ఆ పద్ధతి జుట్టునే తినేస్తుంది. విడివిడిగా ఎగిరే సన్నని వెంట్రుకలన్నీ సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్లే కనుక, మాస్క్ లోపలికి జరగగానే ముందుగా పోయేవి అవే. మిగిలేది తలకు టోపీ పెట్టినట్టుండే అంచు.

అసలు దోషం మాస్క్‌లో కాదు, రంగులో ఉంది. ఆకాశం వెలుగు 240, వెంట్రుక వెలుగు 30 అనుకుందాం. వెంట్రుక సగమే ఆక్రమించిన పిక్సెల్‌లో రెండూ కలిసి 135 అవుతుంది. మాస్క్ ఆ పిక్సెల్‌ను సరిగ్గా సగమే చూపినా, వెలుగు 40 ఉన్న మెరూన్‌పై అది దాదాపు 87గా కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఉండవలసింది 35. జుట్టు కన్నా, నేపథ్యం కన్నా కూడా వెలుగు ఎక్కువైన ఆ పిక్సెళ్లే వరుసగా నిలిచి గీతగా కనిపిస్తున్నాయి. అదే బొమ్మను 220 వెలుగున్న లేత నేపథ్యంపై పెడితే 125 ఉండాల్సిన చోట 177 వస్తుంది. తేడా అంతే అయినా అంచు నేపథ్యం కన్నా ముదురుగానే ఉంటుంది గనుక, కన్ను దాన్ని పలుచని జుట్టుగా సరిపెట్టుకుంటుంది.

అందుచేత మాస్క్‌ను ముట్టుకోకుండా, జుట్టు పొరపైన ఒక ఖాళీ పొర తెరిచి, `Alt+Ctrl+G`తో దానికి తగిలించి, బ్లెండ్ మోడ్ `Darken` పెట్టండి. `Alt` నొక్కి, జుట్టు లోపలి భాగం నుంచి మధ్యస్థపు రంగు తీసుకుని, మెత్తటి బ్రష్‌తో 30–40 శాతం ఒపాసిటీలో అంచు మీదనే రాయండి. ఆ మోడ్‌లో లేత పిక్సెళ్లే మారతాయి. ముదురు వెంట్రుకలు అలాగే ఉంటాయి. మరీ నల్లటి రంగు తీసుకుంటే మాత్రం సిరాతో గీసినట్టు అంచు తేలుతుంది.

రాజాం నుంచి ఒక తల్లి: మా అమ్మాయికీ రింగుల జుట్టే. పరీక్ష దరఖాస్తుకు తెల్లటి నేపథ్యం కావాలంటే, ఒక స్టూడియోవారు తల చుట్టూ గుండ్రంగా కోసి ఇచ్చారు. పాప పోలికే మారిపోయింది. జుట్టు గట్టిగా దువ్వి మళ్లీ తీయించుకోవడమే నయం కదా?

విజయనగరం రీటచర్: మీది వేరే సమస్యమ్మా. మళ్లీ తీయించేటప్పుడు జుట్టు దువ్వడం కన్నా, పాపను తెల్లటి గోడ ముందు నిలబెట్టమని అడగండి. అప్పుడు కోయవలసిన అవసరమే ఉండదు.

బొబ్బిలి ఫ్లెక్సీల పని: `Decontaminate Colors` టిక్ పెడితే మీరు చెప్పినదంతా దానంతట అదే జరుగుతుంది కదా, చేత్తో రాయడం దేనికి?

విజయనగరం రీటచర్: చాలా ఫొటోల్లో జరుగుతుంది, నేనూ ముందు దాన్నే ప్రయత్నిస్తాను. అంచు పిక్సెళ్లకు అది పక్కనున్న లోపలి భాగపు రంగును పులుముతుంది. పెళ్లికూతురి జడలో మల్లెపూలు ఉంటే, ఆ పూల తెలుపే పక్క వెంట్రుకలకు పాకి కొత్త గీత పుట్టవచ్చు. చేత్తో రాసేటప్పుడు పూలను తప్పించి రాయవచ్చు. పని ముగిశాక కింద ఒకసారి నలుపు పొర, ఒకసారి తెలుపు పొర పెట్టి 100 శాతం వద్ద చూడండి. ఒకదానిపై దాగిన దోషం మరొకదానిపై బయటపడుతుంది.

శ్రీకాకుళం నుంచి ఒక డిజైనర్: `Darken` పద్ధతితో కుడివైపు అంతా శుభ్రపడింది, కృతజ్ఞతలు. ఎడమవైపు మాత్రం వెంట్రుకలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. అది ఎండ పడినందువల్లనే అనిపిస్తోంది. దాన్ని కూడా ముదురు చేయాలా?

విజయనగరం రీటచర్: మిగిలిపోయిన ఆకాశమైతే తల చుట్టూ ఉంటుంది, ఆకాశపు రంగులోనే ఉంటుంది. మీరు చెప్పేది ఒకే వైపు ఉండి, బంగారు రంగులో ఉంది కాబట్టి ఎండే. అది ఆమె జుట్టు మీద నిజంగా పడిన వెలుగు, నేనైతే ఉంచుతాను.

బొబ్బిలి ఫ్లెక్సీల పని: ఇక్కడ నేను ఒప్పుకోను. మెరూన్ తెర వెనక సూర్యుడు లేనప్పుడు ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందని చూసేవారికి అనిపిస్తుంది. సగమైనా తగ్గించాలి.

విజయనగరం రీటచర్: తగ్గిస్తే ముఖం మీద ఎడమవైపు పడిన ఎండను కూడా తగ్గించవలసి వస్తుంది. రెండు రకాలుగానూ ఒక్కో కాపీ తీసి, ఆల్బమ్ సైజులో ప్రింటు వేయించి పెళ్లివారికి చూపించండి.